గదిలో లైటు ఆర్పగానే టీవీ బొమ్మ మసకబారుతోంది. ప్యానెల్ పోయినట్టా?

పటమట_పద్మ
హాల్లో 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ గోడకు బిగించాం. కొని ఎక్కువ కాలం కాలేదు. పగలు బాల్కనీ తలుపు తీసి ఉన్నంతసేపూ బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ట్యూబ్‌లైటు ఆర్పి సినిమా పెడితే మాత్రం కాసేపటికే తెరంతా ముసురు పట్టినట్టు అయిపోతుంది. చీకటి సీన్లు వస్తే ఎవరు ఎవరో తెలియదు.

మా అత్తయ్యగారికి ఈ మధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. తన కన్నే తేడా చేసిందని ఆవిడ టెన్షన్ పడుతున్నారు. సర్వీసు మనిషి వచ్చి రీసెట్ కొట్టాడు, ఆయన ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఆ రాత్రికే మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఫోన్ చేస్తే ప్యానెల్ విప్పి చూడాలంటున్నారు. కొత్త టీవీ విప్పించాలంటే మనసొప్పడం లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

కెనాల్‌రోడ్_కిశోర్
బ్యాక్‌లైట్ స్ట్రిప్పులండీ. మా పాత టీవీకి ఇలాగే మసక మొదలై, చివరికి కింద సగం నల్లబడింది. గవర్నర్‌పేటలో స్ట్రిప్పులు మార్పించాక బాగైంది. వారంటీ ఉండగానే పని కానిచ్చేయండి.

బ్రాడీపేట_4వ_లైన్
విప్పడం ఎందుకు? Picture Mode లో Vivid పెట్టండి, Brightness 100 కి లాగండి. మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

సోల్డర్‌గన్_గుంటూరు
పద్మ గారూ, ప్యానెల్ విప్పనివ్వకండి, కాస్త ఆగండి.

కిశోర్ గారు చెప్పిన స్ట్రిప్పుల జబ్బు నిజంగా ఉన్నదే, రోజూ చూస్తుంటాను. కానీ దాని లక్షణం దీనికి తలకిందులుగా ఉంటుంది. బ్యాక్‌లైట్ బలహీనపడిన టీవీ పగటి వెలుతురులో వెలవెలబోతుంది, చీకటి గదిలో ఫర్వాలేదనిపిస్తుంది. మీది పగలు బాగుండి, రాత్రి లైటు ఆర్పాక మసకబారుతోంది. అంటే గదిలో వెలుతురు ఎంతుందో టీవీకి తెలుస్తోంది, దాన్ని బట్టి అదే తగ్గించుకుంటోంది. లైట్ సెన్సర్ పని అయ్యుండాలి.

రూఢి చేసుకోవడానికి ఒక పరీక్ష చేయండి. ట్యూబ్‌లైటు వేసి ఉంచి, సినిమాలో మొహాలు బాగా కనిపించే చోట పాజ్ చేయండి. పాజ్ ముఖ్యం. బొమ్మ కదులుతుంటే సీన్ వల్ల తగ్గిందో గది వల్ల తగ్గిందో తేలదు. ఒక నిమిషం ఆగి లైటు ఆర్పండి, అర నిమిషం చూడండి. మసకబారితే సెల్‌ఫోన్ టార్చి వేసి టీవీ కింది అంచున, ఎర్ర లైటు వెలిగే చోటికి దగ్గరగా పట్టుకోండి. రిమోట్ సిగ్నల్ అందుకునే కన్ను పక్కనే సాధారణంగా ఈ సెన్సర్ కూడా ఉంటుంది. నెమ్మదిగా బొమ్మ తేటపడితే మీ ప్యానెల్‌కు ఏ రోగమూ లేదు.

వన్‌టౌన్_వాసు
మా టీవీ కూడా ఈ ఎకో, అంటే కరెంటు పొదుపు సెట్టింగుల గొడవే. సినిమా మధ్యలో దానంతట అదే ఆరిపోతోంది. ఈ సెన్సర్ ఆపేస్తే అదీ ఆగుతుందా?

సోల్డర్‌గన్_గుంటూరు
ఆగదు వాసు గారూ, అది వేరే సంగతి. కొన్ని గంటలపాటు ఎవరూ రిమోట్ ముట్టుకోకపోతే టీవీని ఆర్పేసే టైమర్ అది. ఎకో మెనూలోనే ఉంటుంది కానీ బొమ్మ వెలుగుతో దానికి సంబంధం లేదు. Auto Power Off లాంటి పేరు చూసి అదొక్కటే మార్చండి.

పటమట_పద్మ
ఇప్పుడే చేసి చూశాం. పాజ్ చేసిన బొమ్మే, లైటు ఆర్పాక కాసేపట్లో మసకబారింది. మా అబ్బాయి టార్చి పట్టుకుంటే మెల్లగా తేటపడింది. తీసేస్తే మళ్లీ దిగిపోయింది. అందరం నోరెళ్లబెట్టి చూశాం. అత్తయ్యగారైతే "నా కన్ను బాగానే ఉందన్నమాట" అని ఊపిరి పీల్చుకున్నారు.

కానీ మేమెవరం ఇది ఆన్ చేయలేదే? పైగా రీసెట్ కొట్టాక ఎందుకు బాగుంది?

సోల్డర్‌గన్_గుంటూరు
మీరు ఆన్ చేయక్కర్లేదు, ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది. మొదటిసారి టీవీ పెట్టినప్పుడు ఇంటికా, షాపుకా అని అడుగుతుంది. Home నొక్కితే పొదుపు సెట్టింగులన్నీ ఆన్‌లో ఉంటాయి. షాపు మోడ్‌లో అవి ఉండవు, బ్యాక్‌లైట్ కూడా పూర్తిగా పెంచేసి ఉంటుంది. బీసెంట్ రోడ్డులో చూసిన బొమ్మ ఇంటికొచ్చాక కనిపించకపోవడానికి ఇదొక కారణం.

కంపెనీలు అలా ఎందుకు పంపుతాయంటే, కరెంటు వాడకాన్ని బయటికి తెచ్చిన సెట్టింగుల్లోనే కొలిచే పద్ధతి చాలా చోట్ల ఉంది. అమెరికా పరీక్షల్లో సెన్సర్ ఉన్న టీవీని గది వెలుతురు 100, 35, 12, 3 లక్స్ ఉన్నప్పుడు విడివిడిగా కొలుస్తారు. 3 లక్స్ అంటే దాదాపు చీకటి. అక్కడ ఎంత తగ్గితే కాగితం మీద అంత పొదుపు.

ఇక రీసెట్ సంగతి. రీసెట్ సెన్సర్‌ను ఆపదు, ఆపేసి ఉన్నా తిరిగి ఆన్ చేస్తుంది. సర్వీసు మనిషి వచ్చినప్పుడు హాల్లో లైట్లన్నీ వెలుగుతూ ఉండి ఉంటాయి, అందుకే బాగా కనిపించింది. ఆయన వెళ్లాక మీరు లైటు ఆర్పారు.

పటమట_పద్మ
అక్షరాలా అంతే జరిగింది. మధ్యాహ్నం వచ్చాడు, తలుపులన్నీ తీసే ఉన్నాయి.

తెనాలి_శైలు
ఏ కంపెనీలో ఏ పేరుతో ఉంటుందో కూడా చెబితే మాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

సోల్డర్‌గన్_గుంటూరు
మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. సామ్‌సంగ్ కొత్తవాటిలో Power and Energy Saving లోపల Brightness Optimization, పాతవాటిలో దాన్నే Ambient Light Detection అన్నారు. ఎల్‌జీలో Energy Saving లేదా Energy Saving Step కింద Auto అని ఉంటే సెన్సర్ పనిచేస్తున్నట్టు, Off పెట్టాలి. సోనీలో బొమ్మ సెట్టింగుల్లోనే Light sensor ఉంటుంది, Power saving మాత్రం విడిగా మరో చోట ఉంటుంది. గూగుల్ టీవీ ఉన్న ఇతర బ్రాండ్లు కొన్నింటిలో Adaptive Brightness అన్న పేరు కనిపిస్తుంది.

ఒక ఆనవాలు: బ్యాక్‌లైట్ మార్చబోతే ఆ వరుస బూడిద రంగులో ఉండి కదలకపోతే, ఏదో పొదుపు మోడ్ దాన్ని పట్టుకుని ఉందన్నమాట. ముందు దాన్ని వదిలించాలి.

బ్రాడీపేట_4వ_లైన్
నేను చెప్పిన Brightness 100 తో కూడా పని అయ్యేది కదా?

సోల్డర్‌గన్_గుంటూరు
సగం నిజం బ్రదర్. కొన్ని టీవీల్లో Brightness అంటే బ్యాక్‌లైటే. చాలా టీవీల్లో, ముఖ్యంగా కాస్త పాతవాటిలో, ఆ పేరుతో ఉండేది నలుపు ఎంత నల్లగా ఉండాలన్న సర్దుబాటు. దాన్ని 100 కి లాగితే రాత్రి ఆకాశం బూడిద రంగుకు తిరుగుతుంది, వెలుగు మాత్రం పెరగదు. నల్ల తెర ఉన్న టైటిల్స్ దగ్గర ఆపి కదిపి చూడండి. నలుపు బూడిదైతే అది బ్యాక్‌లైట్ కాదు, వెనక్కి పెట్టేయండి. మెనూలో Backlight అని విడిగా ఉంటే కదపాల్సింది అదే.

లక్ష్మీపురం_లెక్కల_టీచర్
అందరూ ఆపేయమంటున్నారు, నేను ఒప్పుకోను. సెన్సర్ ఉన్నది కంటికి హాయిగా ఉండటానికే. పగటికి సరిపడే వెలుగు రాత్రి చీకట్లో కళ్లలో గుచ్చుకుంటుంది.

కరెంటు లెక్క కూడా చూడండి. మా 55 అంగుళాల దానికి ప్లగ్ మీటరు పెట్టాను. రాత్రి సెన్సర్ ఆన్‌లో ఉంటే 60 వాట్ల దగ్గర, ఆపితే 110 దగ్గర ఆడుతోంది. తేడా 50 వాట్లు. రోజుకు 4 గంటలు చూస్తే 200 వాట్ అవర్లు, నెలకు 6 యూనిట్లు. మనం స్లాబు అంచున ఉంటే ఆ 6 యూనిట్లే మొత్తం బిల్లును పై స్లాబు రేటుకు తోస్తాయి.

కెనాల్‌రోడ్_కిశోర్
మాస్టారూ, 6 యూనిట్లకు మొత్తం బిల్లేమీ పై రేటుకు పోదు. అంచు దాటిన యూనిట్లకే ఆ రేటు.

లక్ష్మీపురం_లెక్కల_టీచర్
స్లాబుల పద్ధతి అప్పుడప్పుడూ మారుతుంటుంది, బిల్లు దగ్గర పెట్టుకుని చూద్దాం. 6 యూనిట్లు మాత్రం 6 యూనిట్లే.

సోల్డర్‌గన్_గుంటూరు
మాస్టారు కంటి గురించి చెప్పింది సబబే. సెన్సర్ ఆపేసి బ్యాక్‌లైట్ పగటి స్థాయిలోనే వదిలేస్తే అది కూడా తప్పే. అసలు గొడవ ఎక్కడంటే, సెన్సర్ తగ్గించడంలో కాదు, మరీ అడుక్కి దించేయడంలో. అది కూడా నెమ్మదిగా చేస్తుంది కాబట్టి మనకు టీవీ పాడైందనిపిస్తుంది.

నేనైతే ఇలా చెబుతాను. పగలు కిటికీ వెలుతురు మారుతూ ఉండే హాలు, టీవీ వార్తలకూ సీరియళ్లకూ పొద్దస్తమానం నడుస్తుంటుంది, అలాంటి చోట సెన్సర్ ఉండనివ్వండి. Minimum Brightness లేదా Minimum Backlight లాంటి వరుస ఉంటే దాన్ని పెంచండి, ఆ గీత కిందికి దిగదు. రాత్రి లైటార్పి సినిమా చూసేవాళ్లు, గేములు ఆడేవాళ్లు, చూపు తక్కువైన పెద్దవాళ్లు ఉన్న ఇల్లు అయితే ఆపేసి, రెండు పిక్చర్ మోడ్లు మీరే సర్దుకోండి. పగటికి Standard, రాత్రికి Cinema లేదా Filmmaker. రాత్రి దానిలో బ్యాక్‌లైట్ మీ కంటికి సరిపోయేంత తగ్గించుకోండి. చాలా టీవీలు ఒక్కో మోడ్‌కు ఆ విలువను విడిగా గుర్తుపెట్టుకుంటాయి.

పటమట_పద్మ
సెన్సర్ ఆపేశాను. సీరియళ్లూ వార్తలూ ఇప్పుడు రాత్రి కూడా ఒకేలా ఉన్నాయి. కానీ సినిమా యాప్‌లో ఇంకా ఏదో ఉంది. పరిగెత్తే సీన్ రాగానే కాస్త మసక, కదలిక ఆగితే మళ్లీ వెలుగు. గదిలో లైటు మార్చలేదు. టార్చి పెట్టినా తేడా లేదు.

తెనాలి_శైలు
యాప్‌కు సెట్టింగులు వేరే ఉన్నాయేమో అక్కా. మా దాంట్లో సెట్‌టాప్ బాక్సుకు ఒక రకం, టీవీలోని యాప్‌లకు ఇంకో రకం గుర్తుంచుకుంటుంది.

సోల్డర్‌గన్_గుంటూరు
శైలు గారు చెప్పింది ముందు చూడండి. సినిమా ఆడుతుండగానే మెనూ తెరిచి అక్కడ ఏ మోడ్ ఉందో చూడాలి, హోమ్ స్క్రీన్ మీద ఉండి చూస్తే తెలియదు.

టార్చికి స్పందించలేదంటే సెన్సర్ మీద అనుమానం పోయింది. కదలికతో పాటు తగ్గుతోందంటే ఇంకో పొదుపు ఫీచర్. సామ్‌సంగ్‌లో దాని పేరే Motion Lighting. తెర మీద కదలిక ఎక్కువైతే మన కన్ను గమనించదులే అని వెలుగు తగ్గిస్తుంది. ఎకో మెనూలో కదలిక మాటతో ఏదైనా కనిపిస్తే ఆపండి. అలాంటిదేమీ లేకపోతే Contrast Enhancer, Dynamic Contrast లాంటివి ఉంటాయి, అవి కదలికను కాక సీన్ ఎంత చీకటిగా ఉందో చూస్తాయి.

తేడా పట్టుకోవడం తేలిక. చీకటి సీన్ దగ్గర పాజ్ చేసి మెనూ తెరవండి. తెల్లటి మెనూ వచ్చాక వెనకున్న బొమ్మ వెలుగు కూడా మారితే, తెర మీద ఉన్నదాన్ని బట్టి టీవీ సర్దుతోందని అర్థం.

పటమట_పద్మ
దొరికింది. ఎకో మెనూలోనే కదలిక పేరుతో ఒకటి ఆన్‌లో ఉంది. ఆపాక పరిగెత్తే సీన్లు నిలకడగా ఉన్నాయి.

ఇంకొక్కటే మిగిలింది. Dolby Vision అని మూలన రాసి వచ్చే సినిమాలు పగలు మరీ చీకటిగా ఉన్నాయి. ఇంతకుముందు ఇలా లేవు.

సోల్డర్‌గన్_గుంటూరు
మీ టీవీలో Dolby Vision IQ ఉందేమో చూడండి. 2020 నుంచి వచ్చింది. అది ఇదే సెన్సర్‌ను వాడుకుని, గది వెలుతురు ఎక్కువైతే చీకటి భాగాలను పైకి లేపుతుంది. మామూలు డాల్బీ విజన్ బొమ్మ చీకటి గదిని దృష్టిలో పెట్టుకుని తయారైనది, పట్టపగలు హాల్లో చూస్తే నీడలు మింగేసినట్టు ఉంటాయి. సెన్సర్ ఆపేయడంతో ఆ సాయం కూడా పోయి ఉంటుంది.

అలాంటి సినిమా ఆడుతుండగా మెనూలో Dolby Vision IQ అనే మోడ్ ఉంటే పగలు అది, రాత్రి Dolby Vision Dark పెట్టుకోండి. కొన్ని మోడళ్లలో పొదుపు సెన్సర్‌కూ దీనికీ వేర్వేరు స్విచ్చులు, కొన్నింటిలో ఒకటే. ఒకటే అయితే పగలు Dolby Vision Bright తో సర్దుకోవాలి.

మొగల్రాజపురం_మూర్తి
మాది ఓఎల్ఈడీ. క్రికెట్‌లో డ్రింక్స్ విరామానికి స్కోరుకార్డు అలాగే నిలబడితే నెమ్మదిగా మసకబారుతుంది. మళ్లీ బంతి పడగానే వెలుగు వస్తుంది. ఎకో అన్నీ ఆపాను, టార్చి పరీక్షా చేశాను. ఏమీ తేడా లేదు. దీనికి మందేమిటి?

సోల్డర్‌గన్_గుంటూరు
మూర్తి గారూ, అది పొదుపు కాదు, తెరను కాపాడే ఏర్పాటు. ఓఎల్ఈడీలో ఒకే బొమ్మ చాలాసేపు నిలబడితే అచ్చు పడే ప్రమాదం ఉంది కాబట్టి కదలిక లేదనిపిస్తే వెలుగు దించుతుంది. మామూలు మెనూలో దీనికి ఆపే స్విచ్చు ఉండదు. వీడియోల్లో సర్వీస్ మెనూలోకి వెళ్లి ఆపడం చూపిస్తుంటారు. నేనైతే చేయను, చేసివ్వమన్నా చేసివ్వను. అచ్చు పడితే ప్యానెల్ మార్చడం తప్ప దారి లేదు.

మొగల్రాజపురం_మూర్తి
మా బావమరిది ఆ సర్వీస్ మెనూ రిమోట్ తెప్పిస్తానంటున్నాడు. అతనికి తెరలు మార్చే అలవాటు ఉంది, డబ్బులు మాత్రం నావి. వద్దని చెబుతాను.

భవానీపురం_బాషా
మా ఇంట్లో ఇంకో రకం. సౌండ్‌బార్ కొన్నప్పటి నుంచి పగలు కూడా బొమ్మ డల్ అయింది. ఇది చదివి చూస్తే, స్టాండు మీద పెట్టిన సౌండ్‌బార్ సరిగ్గా సెన్సర్‌కు అడ్డంగా ఉంది. పక్కకు జరిపితే వెలుగు వచ్చింది. టీవీకి మిట్టమధ్యాహ్నం కూడా అర్ధరాత్రిలా అనిపించి ఉంటుంది పాపం.

కానీ రాత్రి పూట మాత్రం వెలుగు పెరగడం, తగ్గడం, మళ్లీ పెరగడం. ఆగకుండా ఊగుతోంది. సెన్సర్ పూర్తిగా ఆపడం ఇంట్లో వాళ్లకు ఇష్టం లేదు, మాస్టారిలాగే కరెంటు లెక్క చెబుతున్నారు.

సోల్డర్‌గన్_గుంటూరు
టీవీ దగ్గర మిణుకు మిణుకుమనే సీరియల్ లైట్లేమైనా ఉన్నాయా? దసరా రోజుల్లో ఇలాంటి కాల్స్ వస్తుంటాయి నాకు.

భవానీపురం_బాషా
లేవండి. ముందు గ్లాసు టీపాయ్ ఉంది, ఎదురుగా తెల్ల గోడ.

సోల్డర్‌గన్_గుంటూరు
టీపాయ్ మీద నాకు అనుమానం. చీకటి గదిలో తెర వెలుగే గ్లాసు మీద పడి తిరిగి సెన్సర్‌కు తగలొచ్చు. తెల్లటి సీన్ వస్తే గదిలో లైటు వేశారనుకుని పెంచుతుంది, నల్ల సీన్ వస్తే ఆర్పారనుకుని దించుతుంది. గ్లాసు మీద ముదురు రంగు దుప్పటి కప్పి, అదే సినిమాలో అదే చోటు మళ్లీ వేసి చూడండి. ఊగడం తగ్గితే టీపాయ్ జరపండి, లేదా మీ వెనక వైపు చిన్న బల్బు ఒకటి వెలిగించి ఉంచండి. సెన్సర్‌కు నిలకడగా కాస్త వెలుతురు అందుతుంటే ఊగదు. తగ్గకపోతే చెప్పండి, అప్పుడు వేరే కారణం వెతకాలి.

కెనాల్‌రోడ్_కిశోర్
టీవీ వెనక అంటించే ఎల్ఈడీ పట్టీ పెట్టినా సరిపోతుందా? మా అబ్బాయి అడుగుతున్నాడు.

సోల్డర్‌గన్_గుంటూరు
కంటికి హాయిగా ఉంటుంది కానీ సెన్సర్‌కు పెద్దగా లెక్కలోకి రాదు. ఆ వెలుగు గోడ మీద పడుతుంది, సెన్సర్ చూసేది ముందు వైపు. మీ తల వెనక ఉన్న లైటే దానికి బాగా కనిపిస్తుంది.

భవానీపురం_బాషా
దుప్పటి కప్పాను. ఊగడం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. బల్బు కూడా పెట్టి చూస్తాను.

లక్ష్మీపురం_లెక్కల_టీచర్
మా దాంట్లో ఆ Minimum వరుస కనబడలేదు. ఎకోలో Off, Low, High ఇవే ఉన్నాయి. Low పెడితే మీటరు 85 చూపిస్తోంది, లైటు ఆర్పినా మారడం లేదు. అంటే ఇది సెన్సర్‌తో పని లేకుండా ఒకే స్థాయిలో కట్టేస్తోందన్నమాట?

సోల్డర్‌గన్_గుంటూరు
అంతే మాస్టారూ. Low, High అన్నవి గదితో సంబంధం లేకుండా బ్యాక్‌లైట్‌కు పైకప్పు కట్టేవి. సెన్సర్ స్విచ్చు విడిగా బొమ్మ సెట్టింగుల్లో ఉండాలి, దాన్ని ఆపేసి Low ఉంచుకుంటే మీ యూనిట్లూ కొన్ని మిగులుతాయి, రాత్రి మసకా రాదు. అయితే పగలు ఎండ పడే వేళ ఆ 85 వాట్ల వెలుగు మీ హాలుకు సరిపోతుందో లేదో మీరే చూడాలి.

లక్ష్మీపురం_లెక్కల_టీచర్
మా కిటికీ పడమర వైపు. సాయంత్రం నాలుగింటికి చూసి రాస్తాను.